ఈసాప్ ఖర్చు: రెండో ఏడాది 2,88,000 ఎలా వచ్చింది?

భీమవరం_ఫైనల్

అందరికీ నమస్కారం అండి. సీఏ ఫైనల్, ఎఫ్.ఆర్. పేపర్‌కి చదువుతున్నాను. మొన్న రాసిన మాక్ టెస్టులో ఈ లెక్క ఇచ్చారు. నా జవాబుకీ ఆన్సర్ కీకీ చాలా తేడా ఉంది. కీలో అచ్చుతప్పు పడిందని నా అనుమానం. లెక్క ఇదీ:

రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీ 2022 ఏప్రిల్ 1న తన 400 మంది ఉద్యోగులకు తలా 100 ఆప్షన్లు ఇచ్చింది. ఆ రోజు ఒక్కో ఆప్షన్ ఫెయిర్ వాల్యూ ₹60. వెస్టింగ్ అయ్యేదాకా ఉద్యోగంలో ఉండాలి. లాభం మొదటి ఏడాది 15% పెరిగితే ఆ ఏడాది చివరే వెస్ట్ అవుతాయి. లేదంటే రెండేళ్ల సగటు 12% ఉంటే రెండో ఏడాది చివర, అదీ కాకపోతే మూడేళ్ల సగటు 10% ఉంటే మూడో ఏడాది చివర వెస్ట్ అవుతాయి.

మొదటి ఏడాది లాభం 12% పెరిగింది. 22 మంది మానేశారు. వచ్చే ఏడాది లక్ష్యం అందుతుందనీ, ఇంకో 18 మంది వెళ్తారనీ కంపెనీ అంచనా.

రెండో ఏడాది లాభం 9% మాత్రమే పెరిగింది. 20 మంది మానేశారు. మూడో ఏడాదికి లక్ష్యం అందుతుందనీ, ఇంకో 16 మంది వెళ్తారనీ అంచనా.

మూడో ఏడాది 11% పెరిగింది. 14 మంది మానేశారు.

ఆప్షన్ ఫెయిర్ వాల్యూ మొదటి ఏడాది చివర ₹72, రెండో ఏడాది చివర ₹85 అని కూడా ఇచ్చారు.

మొదటి ఏడాది 360 × 100 × 60 × 1/2 = 10,80,000 వేశాను. కీలోనూ అంతే ఉంది. రెండో ఏడాది వెస్టింగ్ మూడేళ్లకి జరిగింది కాబట్టి 342 × 100 × 60 × 1/3 = 6,84,000 వేశాను. కీలో 2,88,000 ఉంది. ఇంత తక్కువ ఎలా వస్తుందండి?

తణుకు_లెక్కలు

కీ తప్పేనండి, కాపోతే మీదీ తప్పే. ఇప్పటిదాకా అయిన మొత్తం వేసి, పాత ఏడాది రాసింది తీసెయ్యాలి. అది మీరు చెయ్యలేదు. ఇక ఫెయిర్ వాల్యూ 72, 85 ఊరికే ఇవ్వరు కదా. మొదటి ఏడాది 360 × 100 × 72 × 1/2 = 12,96,000. రెండో ఏడాది 342 × 100 × 85 × 2/3 = 19,38,000. అందులోంచి 12,96,000 పోతే 6,42,000. ఇదీ జవాబు. నిన్ననే ఇలాంటి లెక్క చేశాను, అచ్చం ఇలాగే కీలో ఉంది.

భీమవరం_ఫైనల్

ఇప్పుడు మూడు జవాబులయ్యాయి. 6,84,000, 6,42,000, 2,88,000. ఎవరైనా పెద్దవాళ్లు చూడండి బాబూ.

కాకినాడ_పాత_ఆడిటర్

కీ సరిగ్గానే ఉందమ్మా. అచ్చుతప్పు ఏమీ లేదు.

ముందు నీ లెక్కనే ఒకసారి చివరిదాకా తీసుకెళ్లి చూడు. నీ పద్ధతిలో మూడో ఏడాది 344 × 100 × 60 × 1/3 = 6,88,000 వస్తుంది. మూడేళ్లూ కూడితే 24,52,000. చివరికి ఆప్షన్లు దక్కింది 344 మందికి. తలా 100, ఒక్కోటి ₹60. అంటే 20,64,000. ఉద్యోగులకిచ్చిన దాని విలువ 20,64,000 అయితే ఖాతాలో ఖర్చు 24,52,000 ఎలా పడుతుంది? అదనంగా పడ్డ 3,88,000 ఎక్కడిది? ఇలాంటి లెక్క ఏది చేసినా చివర ఈ కూడిక చేసి చూసుకోవాలి. వెస్ట్ అయిన ఆప్షన్ల సంఖ్యని గ్రాంట్ రోజు విలువతో గుణిస్తే ఎంతొస్తుందో, అన్నేళ్ల ఖర్చూ కలిపి అంతే రావాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో జారినట్టే.

ఇప్పుడు రెండో ఏడాది సంగతి. మొదటి ఏడాది చివర కంపెనీ ఏమనుకుంది? రెండేళ్లలో అయిపోతుందనుకుంది. అంచేత మొత్తంలో సగం ఖర్చు రాసేసింది. రెండో ఏడాది చివరికి వచ్చేసరికి మూడేళ్లు పడుతుందని తేలింది. అలాగని వెనక్కెళ్లి మొదటి ఏడాది లెక్క దిద్దరు. అప్పటికి తెలిసినదాన్నిబట్టి అది సరైనదే. ఇప్పుడు తెలిసినదాన్నిబట్టి రెండేళ్ల చివరికి మొత్తం ఎంత పడి ఉండాలో వేస్తారు:

342 × 100 × 60 × 2/3 = 13,68,000

ఇందులో 10,80,000 పోయినేడే రాసేశాం. మిగిలింది 2,88,000. అదే ఈ ఏడాది ఖర్చు.

మూడో ఏడాది భిన్నం ఉండదు, అంతా వెస్ట్ అయిపోయింది. 344 × 100 × 60 = 20,64,000. అందులోంచి 13,68,000 తీస్తే 6,96,000. ఇప్పుడు కూడి చూడు: 10,80,000 + 2,88,000 + 6,96,000 = 20,64,000.

భీమవరం_ఫైనల్

సార్, కూడిక సరిపోయింది. కానీ 2,88,000 మరీ తక్కువ అనిపిస్తోంది. రెండో ఏడాది కూడా అందరూ ఏడాదంతా పనిచేశారు కదండి?

కాకినాడ_పాత_ఆడిటర్

ఆ తక్కువదనం ఎక్కడినుంచి వచ్చిందో విడదీసి చూద్దాం. మొదటి ఏడాది చివర సగం దగ్గరున్నాం. రెండో ఏడాది చివర మూడింట రెండొంతుల దగ్గర ఉండాలి. సగానికీ మూడింట రెండొంతులకీ తేడా ఆరో వంతు. 342 మంది మీద ఆరో వంతంటే 3,42,000. ఇక పోయినేడు 360 మంది మిగుల్తారనుకుని రాశాం, ఇప్పుడు 342 మందే అంటున్నాం. ఆ 18 మంది మీద పోయినేడు రాసిన సగం, 18 × 6,000 × 1/2 = 54,000, వెనక్కి వస్తుంది. 3,42,000 లోంచి 54,000 పోతే 2,88,000.

అంటే ఈ ఏడాది పని విలువ తగ్గిందని కాదు. పోయినేడు కాలాన్ని చిన్నదనుకుని ఎక్కువ రాశాం, అది ఇప్పుడు సర్దుకుంటోంది.

తణుకు_లెక్కలు

విధానం నేను చెప్పిందే కదండి, మొత్తంలోంచి పాతది తియ్యడం. మరి 72, 85 సంగతేంటి? లెక్కలో ఇచ్చాక వాడకుండా వదిలేస్తామా?

కాకినాడ_పాత_ఆడిటర్

విధానం మీరు చెప్పిందే, ఆ మాట ఒప్పుకుంటాను. విలువ దగ్గరే దారి తప్పారు. నిన్న మీరు చేసిన లెక్కలో ఉద్యోగికి చివర ఇచ్చేది షేరా, డబ్బా? ఒకసారి చూసి చెప్పండి.

తణుకు_లెక్కలు

చూశానండి. షేరు ధర ఎంత పెరిగితే అంత డబ్బు రూపంలో ఇస్తారని ఉంది. ఎస్ఏఆర్ అంటారు దాన్ని.

కాకినాడ_పాత_ఆడిటర్

అదీ సంగతి. డబ్బు ఇచ్చేదైతే అది కంపెనీ నెత్తిన అప్పు. అప్పు ఈ రోజుకి ఎంతుందో ప్రతి బ్యాలెన్స్ షీటు తేదీకీ కొత్తగా కట్టాల్సిందే. అందుకే అక్కడ 72, 85 పనికొస్తాయి, డబ్బు కట్టేసేదాకా మారుతూనే ఉంటాయి. ఇక్కడ ఇచ్చేది షేరు. ఇండ్ ఏఎస్ 102 ప్రకారం గ్రాంట్ రోజు విలువ ఒకసారి కట్టాక మళ్లీ ముట్టుకోరు. 72, 85 ఇచ్చింది మీలాంటివాళ్లు తీసుకుంటారా లేదా చూద్దామనే.

రాజోలు_ఆర్టికల్

నాకో సందేహం అండి. ఆర్టికల్‌షిప్ రెండో ఏడాదిలో ఉన్నాను. విలువ మాత్రం కదపకూడదు, మనుషుల లెక్క మాత్రం ఏటా మార్చొచ్చు అంటున్నారు. రెండూ అంచనాలే కదా. ఒకదానికి ఒక న్యాయం, ఇంకోదానికి ఇంకో న్యాయం ఎందుకు?

కాకినాడ_పాత_ఆడిటర్

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇది అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే.

కంపెనీ కొంటున్నది ఏంటి? ఉద్యోగి సేవ. ఆ సేవ విలువ ఎంతో విడిగా కట్టలేం. అందుకని దానికి బదులిచ్చిన ఆప్షన్ విలువనే కొలతగా తీసుకుంటున్నాం. బేరం కుదిరిన రోజున ఇద్దరూ ఒప్పుకున్న ధర అది. ఆ తర్వాత షేరు ధర పెరిగిందనుకో, ఆ లాభం షేర్‌హోల్డరు హోదాలో ఉద్యోగికి వచ్చేది. అంతమాత్రాన అతను చేసిన పని ఖరీదు పెరగలేదు కదా.

మనుషుల లెక్క వేరు. అక్కడ అడుగుతున్నది, బేరం కుదిరినవాళ్లలో ఎంతమంది తమ వంతు పూర్తిచేస్తారని. మధ్యలో మానేసినవాడి విషయంలో ఆ బేరం పూర్తికానే లేదు. అతని పేరున రాసిన ఖర్చు వెనక్కి రావాల్సిందే. అందుకే ఏటా దిద్దుతాం, చివరికి నిజంగా మిగిలినవాళ్ల దగ్గర ఆపుతాం.

పాలకొల్లు_మేత

నేను చదువుకునే మనిషిని కాదండి, మేత దుకాణం ఉంది. ఊరికే చదువుతున్నాను. మా దగ్గర రైతుల ఖాతాలు ఇలాగే చూస్తాం. ఈ రోజుకి మొత్తం ఎంత తేలింది, ముందు ఎంత జమ అయింది, తేడా ఎంత. మధ్యలో రెండు బస్తాలు వెనక్కిచ్చినా పాత చీటీలు చింపం, ఈ రోజు మొత్తంలో తగ్గుతుంది. మీరు చెప్పేదీ అదేనా?

కాకినాడ_పాత_ఆడిటర్

ఆయ్, అచ్చంగా అదే.

రాజోలు_ఆర్టికల్

అలాగైతే తేడా మైనస్ కూడా రావచ్చు కదండి?

కాకినాడ_పాత_ఆడిటర్

రావచ్చు. ఇదే లెక్కలో రెండో ఏడాది చివర 16 మంది బదులు 90 మంది వెళ్తారనుకున్నారనుకో. మిగిలేది 400 − 22 − 20 − 90 = 268. 268 × 6,000 × 2/3 = 10,72,000. పోయినేడు రాసింది 10,80,000. అంటే ఈ ఏడాది ఖర్చు −8,000. ఉద్యోగుల ఖర్చుకి 8,000 క్రెడిట్ వేసి, షేర్ ఆప్షన్స్ అవుట్‌స్టాండింగ్ ఖాతాని అంత డెబిట్ చెయ్యాలి. పరీక్షలో మైనస్ రాగానే పిల్లలు కంగారుపడి సున్నా వేసేస్తారు. వెయ్యకూడదు.

యానాం_గాలి

అండి, నాది వేరే విషయం. నేను హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తున్నాను. నాకూ ఈసాప్ లెటర్ వచ్చింది. 1,200 ఆప్షన్లు, నాలుగేళ్లు, ఏటా పాతిక శాతం. మీరు ఖర్చు ఖర్చు అంటుంటే భయమేస్తోంది. ఈ ఖర్చు నా సీటీసీలోంచి కోస్తారా? నెలనెలా జీతంలో తగ్గుతుందా?

తణుకు_లెక్కలు

లేదు బ్రో. అది కంపెనీ లాభనష్టాల ఖాతాలో పడేది. మీ పే స్లిప్పులో కనపడదు.

కాకినాడ_పాత_ఆడిటర్

తణుకు వారు చెప్పింది నిజం. ఇది కంపెనీ పుస్తకాల్లో రాసుకునే ఖర్చు, ఆ ఎంట్రీకి రూపాయి కూడా బయటికి పోదు. సీటీసీ అంకెలో ఈసాప్‌ని కలిపి చూపించారా లేదా అన్నది మీ ఆఫర్ లెటర్ చూస్తేనే తెలుస్తుంది, దానికీ ఈ ఎంట్రీకీ సంబంధం లేదు. మీకు పన్ను పడేది మామూలుగా ఆప్షన్ వాడుకుని షేరు తీసుకున్నప్పుడు. ఆ రోజు మార్కెట్ విలువకీ మీరు కట్టిన ధరకీ ఉన్న తేడాని జీతంలో భాగంగా చూస్తారు. కంపెనీ పుస్తకాల్లో ఏటా ఎంత రాసుకుందన్నది దానికి లెక్కలోకి రాదు. మొదటి పాతిక శాతం ఏడాది నిండకుండా రాదు, కంపెనీల చట్టం కింది రూల్సులో గ్రాంటుకీ వెస్టింగుకీ మధ్య కనీసం ఏడాది ఉండాలని ఉంది.

కానీ మీ లెటరు పరీక్షకి భలే పనికొస్తుంది. భీమవరం అమ్మాయీ, ఒక్కో ఆప్షన్ ఫెయిర్ వాల్యూ ₹100 అనుకుని, అతను నాలుగేళ్లూ ఉంటాడనుకుని, మొదటి ఏడాది ఖర్చెంతో చెప్పు.

భీమవరం_ఫైనల్

మొత్తం 1,20,000. నాలుగేళ్లు కాబట్టి ఏటా 30,000.

తణుకు_లెక్కలు

అంతే కదా. ఏటా పాతిక శాతం వెస్ట్, ఏటా పాతిక శాతం ఖర్చు.

కాకినాడ_పాత_ఆడిటర్

ఇద్దరూ అక్కడే పడ్డారు. 300 చొప్పున నాలుగు వాటాలున్నాయి కదా. ప్రతి వాటా ఒక విడి గ్రాంటు. మొదటి వాటా ఏడాదికే చేతికొస్తుంది, దాని 30,000 అంతా మొదటి ఏడాదిలోనే పడుతుంది. రెండో వాటా సంపాదించుకోవడానికి రెండేళ్లు పనిచెయ్యాలి, ఆ పని మొదటి రోజునుంచే మొదలైంది. అందుకని దాని 30,000 లో సగం, 15,000, మొదటి ఏడాదికి వస్తుంది. మూడో వాటాలో మూడో వంతు 10,000. నాలుగోదాంట్లో నాలుగో వంతు 7,500.

మొదటి ఏడాది 62,500. రెండో ఏడాది 15,000 + 10,000 + 7,500 = 32,500. మూడో ఏడాది 17,500. నాలుగో ఏడాది 7,500. కూడితే 1,20,000.

చూశారా, సగం పైన మొదటి ఏడాదిలోనే పడిపోయింది. కొత్తగా ఈసాప్ ఇచ్చిన కంపెనీల్లో మొదటి ఏడాది ఖర్చు చూసి ఫైనాన్స్ వాళ్లు గుండె పట్టుకునేది ఇందుకే. అసలు ఒక్కో వాటాకి ఫెయిర్ వాల్యూ కూడా వేరుగా ఉంటుంది. ఎంత కాలం చేతిలో ఉంటుందన్నది మారితే విలువ మారుతుంది కాబట్టి. ప్రశ్నలో విడివిడిగా ఇస్తే విడివిడిగానే వాడాలి.

తణుకు_లెక్కలు

మా బంధువు అమెరికా కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. వాళ్లు సమానంగా పంచేస్తారట. మరి ఆయన చేసేది తప్పా?

కాకినాడ_పాత_ఆడిటర్

తప్పు కాదు. అమెరికా నిబంధనల్లో, షరతు ఉద్యోగంలో ఉండటం ఒక్కటే అయితే, సమానంగా పంచుకునే వీలు ఇచ్చారు. ఇండ్ ఏఎస్ 102 లోనూ, దానికి మూలమైన ఐఎఫ్ఆర్ఎస్ 2 లోనూ ఆ వెసులుబాటు లేదు. మీరు రాసేది ఇక్కడి పరీక్ష.

రాజోలు_ఆర్టికల్

మళ్లీ మొదటి లెక్కకి వస్తున్నాను. మూడో ఏడాది 11% బదులు 4% పెరిగిందనుకోండి. సగటు 8.33%. లక్ష్యం తప్పింది. అప్పుడు రాసిన 13,68,000 ఏమవుతుంది?

తణుకు_లెక్కలు

ఇది నాకు తెలుసు. లక్ష్యం తప్పితే ఎవరికీ ఆప్షన్ రాదు. రాసిందంతా వెనక్కి తిప్పెయ్యాలి. 13,68,000 లాభనష్టాల ఖాతాకి క్రెడిట్. లక్ష్యం ఏదైనా ఇదే సూత్రం.

భీమవరం_ఫైనల్

లక్ష్యం ఏదైనా అంటే నాకు అనుమానమండి. అదే మాక్ టెస్టులో ఇంకో లెక్క ఉంది. మూడేళ్లు ఉద్యోగంలో ఉండాలి, మూడో ఏడాది చివర షేరు ధర ₹250 దాటాలి. ధర దాటలేదు. అయినా కీలో ఖర్చు తిప్పలేదు. అక్కడ ఆప్షన్ విలువ ₹45 అని ఇచ్చారు. ఉద్యోగుల అంకెలు ఇవే, చివరికి 344 మంది.

కాకినాడ_పాత_ఆడిటర్

లాభం లక్ష్యానికి తణుకు వారు చెప్పింది పూర్తిగా కరెక్టు. 13,68,000 తిప్పెయ్యాల్సిందే. "లక్ష్యం ఏదైనా" అన్న చివరి ముక్క దగ్గరే మార్కులు పోతాయి.

షేరు ధర లక్ష్యం అనేది మార్కెట్ షరతు. అది అందుతుందా లేదా అన్న అనుమానాన్ని గ్రాంట్ రోజునే విలువలో కలిపేస్తారు. ఆ షరతు లేకపోతే ₹60 ఉండే ఆప్షన్, 250 దాటకపోవచ్చన్న భయం వల్ల ₹45 అయిందనుకో. ఆ 15 తగ్గింపులోనే లక్ష్యం తప్పే ప్రమాదం అంతా కూర్చుంది. ఇప్పుడు నిజంగా తప్పిందని ఖర్చు కూడా తీసేస్తే, ఒకే ప్రమాదాన్ని రెండుసార్లు లెక్కకట్టినట్టు అవుతుంది. అందుకని 344 × 100 × 45 = 15,48,000 మూడేళ్లలో పడి తీరాలి, ఆప్షన్లు ఎవరికీ దక్కకపోయినా సరే.

లాభం లక్ష్యం అలా కాదు. దాన్ని విలువలో కలపరు. ₹60 కట్టినప్పుడు లాభం సంగతి పట్టించుకోలేదు. అంచేత దాని ప్రభావమంతా సంఖ్యలో చూపించాలి. అందకపోతే సంఖ్య సున్నా, ఖర్చూ సున్నా.

యానాం_గాలి

అంటే ఉద్యోగికి ఏమీ రాకపోయినా కంపెనీ ఖర్చు చూపిస్తుందా? ఇదెక్కడి విడ్డూరమండి.

కాకినాడ_పాత_ఆడిటర్

విడ్డూరంగానే ఉంటుంది, మొదట్లో అందరికీ. కానీ మీరు మూడేళ్లు పనిచేశారు కదా. కంపెనీ ఆ సేవ వాడుకుంది. బదులుగా మీరు తీసుకున్నది ఒక అవకాశం, దాని ధర ఆ రోజు ₹45. అవకాశం పండలేదు, అంతే. ఈ మార్కెట్ షరతులోనూ మధ్యలో మానేసినవాళ్లని మాత్రం లెక్కలోంచి తీసేస్తాం. చూడు, 400 కాదు, 344 తోనే గుణించాం.

భీమవరం_ఫైనల్

అయితే ప్రశ్న చదవగానే ముందు షరతు ఏ రకమో గుర్తుపెట్టుకోవాలి. లాభం, అమ్మకాలు, ఈపీఎస్ అయితే సంఖ్యలో. షేరు ధర అయితే విలువలో. సరేనా సార్?

కాకినాడ_పాత_ఆడిటర్

సరే. ఇంకొకటి చూసుకో. లాభం లక్ష్యం వల్ల కాలం మారితే మీ మొదటి లెక్కలోలాగా 1/2 కాస్తా 2/3 అవుతుంది. షేరు ధర లక్ష్యం ఎప్పుడు అందుతుందో తెలియనప్పుడు, ఎన్నేళ్లు పడుతుందన్న అంచనా గ్రాంట్ రోజున ఒకసారి వేశాక తర్వాత మార్చరు. పరీక్షలో ఈ మెలిక అరుదు గానీ వస్తే చాలామందికి చెయ్యి ఆగిపోతుంది.

రాజోలు_ఆర్టికల్

వెస్ట్ అయ్యాక ఉద్యోగి వాడుకోకుండా వదిలేస్తే?

కాకినాడ_పాత_ఆడిటర్

ఖర్చు తిరగదు. ఆప్షన్ ఖాతాలో ఉన్నది ఈక్విటీలోనే ఇంకో ఖాతాకి మార్చుకోవచ్చు, అంతవరకే.

అమలాపురం_కాలువగట్టు

ఆలస్యంగా వచ్చాను. కరెంటు లేదు. నాదీ ఇదే పేపర్. నన్ను పీడిస్తున్నది ఇంకోటి. ప్రశ్నలో మనుషుల అంకె ఇవ్వకుండా "ఏటా 5% ఉద్యోగులు వెళ్తారని అంచనా" అని ఇస్తున్నారు. 400 మందికి మూడేళ్లు. 5% చొప్పున మూడేళ్లు 15% అని 340 తీసుకోవాలా? లేక 400 లో 5% పోతే 380, అందులో 5% పోతే 361, అందులో 5% పోతే 342.95, అది తీసుకోవాలా?

తణుకు_లెక్కలు

340. నేను చూసిన కీలన్నీ అంతే. చేత్తో వేసుకోవడం తేలిక.

కాకినాడ_పాత_ఆడిటర్

నేనైతే 342.95 అంటాను. "ఏటా 5%" అంటే ఆ ఏడాది మొదట ఉన్నవాళ్లలో 5% అనేదే సహజమైన అర్థం. వెళ్లిపోయినవాళ్లు మళ్లీ వెళ్లలేరు కదా.

తణుకు_లెక్కలు

అర్థం సంగతి కాదండి, మార్కుల సంగతి. మొదటి ఏడాదికి ₹60 మీద 340 తో 6,80,000. మీ 342.95 తో 6,85,900. దిద్దేవాడు కీలో 6,80,000 చూసి నా పక్కనోడికి టిక్కు పెడతాడు, మీ శిష్యుడికి పెట్టడు.

కాకినాడ_పాత_ఆడిటర్

మూల్యాంకనం ఎలా చేస్తారో నాకు తెలుసని చెప్పను. కానీ జవాబు పైన ఒక్క వాక్యం రాయమంటాను: "5% ఆ ఏడాది ఆరంభంలో ఉన్నవారి మీద తీసుకోబడింది" అని. 340 తీసుకున్నవాళ్లూ "మొదటి 400 మీద" అని రాసుకోవాలి. ప్రశ్నే తేల్చనప్పుడు మన ఊహ ఏంటో రాసి ఉంటే దిద్దేవాడికి మన దారి కనపడుతుంది.

అమలాపురం_కాలువగట్టు

రెండు పుస్తకాలు చూశాను, ఒకదాంట్లో అలా, ఒకదాంట్లో ఇలా ఉంది. మీ ఇద్దరూ అలాగే ఉన్నారు.

తణుకు_లెక్కలు

నా ఓటు 340 కే.

భీమవరం_ఫైనల్

సార్, చివరగా ఒకటి. గ్రాంట్ ఏప్రిల్ 1న కాకుండా అక్టోబర్ 1న ఇచ్చి, మూడేళ్ల వెస్టింగ్ అంటే మార్చి 31కి 1/3 వెయ్యకూడదు కదా?

కాకినాడ_పాత_ఆడిటర్

వెయ్యకూడదు. 36 నెలల్లో 6 నెలలే గడిచాయి, 6/36. వచ్చే మార్చికి 18/36, ఆపై 30/36. నాలుగు ఆర్థిక సంవత్సరాల మీద పడుతుంది, చివరిదాంట్లో ఆరు నెలలే. జవాబులో ఇలా గడులు గీసుకుని రాయి: మిగిలే ఉద్యోగులు, ఆప్షన్లు, విలువ, గడిచిన భాగం, ఇప్పటిదాకా మొత్తం, ముందు రాసింది, ఈ ఏడాది ఖర్చు. ఆరో గడి ఖాళీగా వదిలేశావంటే మళ్లీ తప్పు జవాబే వస్తుంది.

భీమవరం_ఫైనల్

ఆయ్, ఆ గడికి ఎర్రపెన్ను గీత పెట్టేస్తాను. అక్టోబర్ గ్రాంటుతో అదే 400 మంది లెక్క చేసి రేపు ఇక్కడ పెడతాను, అమలాపురం వారి 5% తోనే. 340 తో ఒకసారి, 342.95 తో ఒకసారి.

తణుకు_లెక్కలు

రెండోది ఎందుకు, టైం వేస్టు.